వారంటీలో ఉన్న వాచీ రెండోసారి ఆగింది: బదులు వాచీ ఇవ్వమని షాపు యజమానికి రాసే ఉత్తరం సరిచూడండి

నీలాంబరి_క
సెల్లుతో నడిచే ముళ్ల వాచీ, తేదీ గడి ఉంది. కొన్నది 2025 జూన్ 6న. వారంటీ 12 నెలలు. ఆగస్టు 20న ఆగిపోతే 22న అదే షాపులో సెల్లు మార్చి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. సెప్టెంబర్ 10న మళ్లీ ఆగింది. ఈసారి బాగుచేయడం కాదు, దీని బదులు కొత్తది ఇమ్మని అడగాలి. రాసిన ఉత్తరం ఇది:

"అయ్యా, మీ షాపులో ఎంతో నమ్మకంతో కొన్న వాచీ పనిచేయడం లేదు. ఇలాంటి నాసిరకం సరుకు అమ్మడం మీకు తగదు. చాలా బాధ కలిగింది. సెల్లు కూడా సరైనది వేయలేదని అనుకుంటున్నాను. దయచేసి వెంటనే కొత్త వాచీ ఇవ్వగలరు, లేకపోతే తగిన చర్య తీసుకుంటాను."

ఇది చాలా? ఇంకేం రాయాలి?

పంతులుగారబ్బాయి
పరీక్షకైతే విషయం బాగానే ఉంది కానీ రూపం లేదమ్మా. కుడివైపు పైన ఊరు, తేదీ. ఎడమవైపు "గౌరవనీయులైన యజమాని గారికి". తర్వాత "విషయం:" అని ఒక్క వాక్యం. చివర "ఇట్లు, తమ విధేయురాలు". ఉత్తరం కింద చిరునామా డబ్బా గీయడం మరిచిపోవద్దు, దానికి విడిగా మార్కులుంటాయి.

నీలాంబరి_క
పరీక్షకి కాదండీ, నిజం వాచీయే. ఉత్తరం నిజంగా షాపులో ఇవ్వాలి.

పంతులుగారబ్బాయి
అయ్యో, పొరబడ్డాను. అయినా "విషయం" అనే వాక్యం మాత్రం ఉంచండి. ఉత్తరం తెరిచినాయన మొదట చదివేది అదే.

ధర్మం_మనదే
ఇంత వినయం దేనికండీ? వారంటీ అంటేనే ఆగిపోతే కొత్తది ఇవ్వాలని. "ఇవ్వగలరు" కాదు, "ఇచ్చి తీరాలి" అని రాయండి. అడుక్కోవడం కాదు కదా ఇది.

కౌంటర్_వెనక
ధర్మం గారూ, సగం ఒప్పుకుంటాను. వారంటీ అడుక్కునేది కాదు, నిజమే. కానీ ఆ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో ముందు చూడాలి. చాలా వాచీ కార్డుల మీద "బాగుచేసి ఇస్తాం, లేదా మార్చి ఇస్తాం" అని ఉంటుంది. ఆ రెంటిలో ఏది చేయాలో తేల్చేది కంపెనీ అని కూడా రాసి ఉంటుంది. అలాంటి కార్డు చేతిలో పెట్టుకుని "కొత్తది ఇచ్చి తీరాలి" అని రాస్తే, షాపాయన ఆ వాక్యం మీద వేలు పెట్టి "సర్వీసుకి పంపుతాం" అంటాడు. ఉత్తరం అక్కడే ఆగిపోతుంది.

నీలాంబరి గారి దగ్గర దానికంటే గట్టి సంగతి ఉంది. ఒకసారి బాగుచేసే అవకాశం షాపుకు ఇచ్చేశారు. వాళ్లే వేసిన సెల్లుతో 19 రోజులకే మళ్లీ ఆగింది. కార్డు అడిగిన "బాగుచేయడం" జరిగింది, పని చేయలేదు. కొత్తది అడగడానికి ఆధారం అదే. ఉత్తరం దాని మీద నిలబడాలి. ఇప్పుడున్న ఉత్తరంలో ఆ మాటే లేదు, తేదీ ఒక్కటీ లేదు. బాధ ఉంది, బెదిరింపు ఉంది.

మెషిన్_మేస్త్రీ
పైవారు చెప్పింది సరే. "పనిచేయడం లేదు" అన్న మాటతో కూడా ఇబ్బంది ఉంది. ఆ మాటకి రిపేరు బల్ల దగ్గర అర్థం లేదు. ఎలా ఆగింది, ఎన్ని గంటలకు ఆగింది, సెకన్ల ముల్లు కొట్టుకుంటోందా, మొత్తం నిశ్చలమా, తేదీ ఎక్కడుంది? ఇవి చెబితేనే లోపల ఏం జరిగిందో ఊహించగలం. అమ్మా, ఈ నాలుగింటికీ జవాబివ్వండి.

చలపతి72
దానికంటే ముందు క్రౌన్, అదే టైము తిప్పే పక్క మర, పూర్తిగా లోపలికి నొక్కి ఉందా చూడండి. టైము సరిచేశాక సగం బయటే వదిలేస్తే వాచీ నడవదు. షాపుకు తీసుకెళ్లాక వాళ్లు అది నొక్కి నడిపించి చూపిస్తే ఉత్తరానికి విలువ పోతుంది.

నీలాంబరి_క
క్రౌన్ లోపలే ఉంది, మూడుసార్లు చూశాను. 10వ తేదీ ఉదయం చూసేసరికి 12:35 దగ్గర ఆగి ఉంది. తేదీ గడిలో 9 సగం, 10 సగం కనిపిస్తున్నాయి. ముళ్లు చేత్తో ముందుకు తిప్పి టైము పెడితే నడుస్తోంది, పగలంతా బాగుంటోంది. మళ్లీ అర్ధరాత్రి దగ్గరే ఆగుతోంది. సెకన్ల ముల్లు నడిచినంతసేపూ ఒక్కో సెకనే వేస్తోంది.

మెషిన్_మేస్త్రీ
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. తేదీ చక్రం అర్ధరాత్రికి అటూఇటూ గంట రెండు గంటల పాటు మెల్లగా తిరుగుతుంది. ఆ సమయంలో మెషిన్ మీద బరువు పెరుగుతుంది. పగలు తేలిగ్గా లాగిన మోటారు అప్పుడు ఇంకాస్త గట్టిగా లాగాలి. లాగలేకపోతే తేదీ సగంలో ఉండగా ఆగుతుంది. మీరు చెప్పిన గుర్తులు సరిగ్గా అవే.

లాగలేకపోవడానికి నాకు తెలిసి రెండు దారులు. ఒకటి, సెల్లు బలహీనం. రెండు, తేదీ చక్రం కానీ దాన్ని తిప్పే పళ్లు కానీ పట్టేయడం. మొదటిదైతే చాలా మెషిన్లలో సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు ఒక్కసారి దూకుతుంది, సెల్లు అయిపోవచ్చిందని చెప్పడానికి. మీకు దూకడం లేదు. కానీ ఆ ఏర్పాటు ప్రతి మెషిన్‌లోనూ ఉండదు, కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చలేం.

మూడు రోజులు ఒక పని చేయండి. ఉదయం 8కి టైము సరిపెట్టి వదిలేయండి. ఎన్ని గంటలకు ఆగిందో, తేదీ గడి ఎలా ఉందో కాగితం మీద రాయండి, ఫోటో తీయండి. సెల్లు చచ్చిపోతున్నదైతే రోజురోజుకీ ముందే ఆగుతుంది, పగలు కూడా ఆగుతుంది. మూడు రాత్రులూ అదే చోట ఆగితే నా చూపు తేదీ చక్రం మీదికి పోతుంది.

ఒక్క జాగ్రత్త. రాత్రి 9 నుంచి తెల్లవారు 3 దాకా ముళ్లు ఉన్నప్పుడు క్రౌన్ మొదటి మెట్టు లాగి తేదీ మార్చొద్దు. పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉండే సమయం అది. చాలా వాచీల వెంట ఇచ్చే చిన్న పుస్తకంలోనే ఆ మాట ఉంటుంది, షాపువాళ్లు "మీరే పాడుచేశారు" అనడానికి అదొక దారి. ముళ్లు ముందుకు తిప్పడం వరకు ఫర్వాలేదు.

సుధ_వి
నాదీ ఇలాగే రాత్రి తీసి పెడితే పొద్దునకి ఆగుతోంది! శనివారం పెట్టి సోమవారం చూస్తే నిలిచిపోయి ఉంది. ఇదే ఉత్తరం నేనూ ఇవ్వచ్చా? నాది ఆటోమేటిక్, సెల్లు లేదు.

మెషిన్_మేస్త్రీ
ఇవ్వొద్దమ్మా. ఆటోమేటిక్ చేతి కదలికతో తాళం ఎక్కించుకుంటుంది. నిండా ఎక్కితే చాలావాటికి 40 గంటల దాకా వస్తుంది. శనివారం నుంచి సోమవారం అంటే దాదాపు అంత సమయమూ అయిపోతుంది. క్రౌన్‌తో 30 చుట్లు తాళం ఇచ్చి బల్ల మీద కదలకుండా పెట్టి చూడండి. క్రౌన్‌తో తాళం తీసుకోని రకమైతే ఒకరోజంతా చేతికి పెట్టుకుని చూడండి. అప్పుడూ పదీ పదిహేను గంటలకే ఆగితే అది లోపం, అప్పుడు రాయండి.

ధర్మం_మనదే
సెల్లే పాతది వేసి ఉంటారండీ. డబ్బాలో ఏళ్ల తరబడి పడున్నది. ఆ మాటే ఉత్తరంలో గట్టిగా అడగాలి.

మెషిన్_మేస్త్రీ
కావచ్చు, కాదనను. కానీ లెక్క చూడండి. ఇలాంటి వాచీల్లో వేసే చిన్న వెండి సెల్లు, SR626SW రకం, దాదాపు 26 మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తుంది. మంచి మెషిన్ తాగేది ఒకటిన్నర మైక్రో ఆంపియర్. భాగిస్తే 17,000 గంటల పైన, అంటే రెండేళ్లు. 19 రోజుల్లో అదే సెల్లు ఖాళీ కావాలంటే మెషిన్ ఉండాల్సిన దానికి 38 రెట్లు తాగాలి. కాబట్టి సెల్లు నిజంగానే అయిపోయి ఉంటే, తాగుతున్న మెషిన్ తప్పైనా అయుండాలి, వేసేనాటికే అది దాదాపు అయిపోయిన సెల్లైనా అయుండాలి. రెండూ మనకి కనబడవు. బ్యాక్ కవర్ తీసి మీటరు పెడితేనే తెలుస్తుంది. అప్పుడు కూడా 1.55 వోల్టులు చూపిస్తే సెల్లు నిండా ఉందని అనుకోకూడదు, వెండి సెల్లు చివరిదాకా అదే వోల్టేజీ చూపించి ఒక్కసారి పడిపోతుంది.

అందుకే నా మాట: కారణం రాయకండి. చూసింది రాయండి. "తేదీ చక్రం పట్టేసింది" అని మీరు రాసి, వాళ్లు తెరిచి కాయిల్ పోయిందని తేలిస్తే "కస్టమరు తప్పు చెప్పింది" అవుతుంది. "మూడు రాత్రులు ఈ సమయాల్లో ఆగింది" అన్నదాన్ని ఎవరూ కాదనలేరు.

కౌంటర్_వెనక
"సెల్లు సరైనది వేయలేదు" అన్న వాక్యం కొట్టేయడానికి ఇంకో కారణం కూడా. మీ వాచీ తెరిచింది ఆ షాపువాళ్లే, ఇంకెవరూ కాదు. అది మీకు బలం. బయట తెరిస్తే వారంటీ పోతుందనే షరతు దాదాపు అన్ని కార్డుల మీదా ఉంటుంది. కాబట్టి "22 ఆగస్టున మీ షాపులోనే సెల్లు మార్చారు, ఆ తర్వాత ఇంకెక్కడా తెరవలేదు" అని ఒక్క వాక్యం రాయండి. నింద వేస్తే ఆయన ఎదురు తిరుగుతాడు. ఈ వాక్యం చదివితే కాదనడానికి ఆయనకి చోటుండదు.

అలాగే నీళ్ల సంగతి. వాళ్లు మొదట అడిగేది అదే. అద్దం లోపల ఆవిరి పట్టిందా? డయల్ మీద మచ్చ ఉందా? వెనక 30 మీటర్లని రాసి ఉన్నా అది తుంపర్లకే, ఈతకి కాదు. ఏమీ లేకపోతే లేదని రాయండి. ఉంటే మాత్రం దాచకండి, తెరవగానే తుప్పు కనబడుతుంది.

నీలాంబరి_క
ఆవిరి లేదు, మచ్చ లేదు. మూడు రాత్రులూ చూశాను: 11న 12:20, 12న 12:40, 13న 12:25 దగ్గర ఆగింది. మూడుసార్లూ తేదీ సగంలోనే ఉంది. పగలు ఒక్కసారీ ఆగలేదు.

చలపతి72
పన్నెండు గంటల తేడాతో టైము పెట్టి ఉంటే తేదీ మధ్యాహ్నం మారుతుంది. మీకు రాత్రే మారుతోంది కాబట్టి అది కాదు. సరే.

మెషిన్_మేస్త్రీ
మూడుసార్లూ 20 నిమిషాల తేడాలో అన్నమాట. సెల్లు మీద నాకున్న అనుమానం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

కౌంటర్_వెనక
అయితే ఉత్తరం ఇలా పెట్టండి. చదివేవాడికి నిమిషం కంటే ఎక్కువ పట్టకూడదు. గీతలున్న చోట బిల్లు మీదున్నట్టు నింపండి.

తేదీ: 14 సెప్టెంబర్ 2025

గౌరవనీయులైన షాపు యజమాని గారికి,

విషయం: వారంటీలో ఉండగా రెండోసారి ఆగిపోయిన వాచీకి బదులు కొత్త వాచీ కోరుతూ. బిల్లు నంబరు ____

ఆర్యా,

2025 జూన్ 6న మీ షాపులో పై బిల్లు మీద ____ మోడల్ చేతి వాచీ కొన్నాను. వెనక మూత మీద ఉన్న నంబరు ____. వారంటీ 12 నెలలు, 2026 జూన్ 5 వరకు ఉంది.

ఈ వాచీ ఆగస్టు 20న మొదటిసారి ఆగింది. ఆగస్టు 22న మీ షాపులోనే వారంటీ కింద సెల్లు మార్చి ఇచ్చారు. 19 రోజుల తర్వాత, సెప్టెంబర్ 10న, మళ్లీ ఆగింది. క్రౌన్ పూర్తిగా లోపల ఉంది. టైము సరిచేస్తే పగలు నడుస్తోంది. సెప్టెంబర్ 11, 12, 13 రాత్రుల్లో వరుసగా 12:20, 12:40, 12:25 దగ్గర తేదీ సగం మారి ఉండగా ఆగింది. ఫోటోలు జతచేశాను. వాచీ కింద పడలేదు, నీటిలో తడవలేదు, మీ షాపులో తప్ప ఎక్కడా తెరవలేదు.

ఒకసారి బాగుచేసిన తర్వాత కూడా అదే లోపం తిరిగి వచ్చింది కనుక, ఇదే మోడల్ కొత్త వాచీ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆ మోడల్ లేకపోతే అదే ధర గల మరొకటి నాకు సమ్మతమే. ముందుగా కంపెనీ పరీక్ష అవసరమని మీరు భావిస్తే, వాచీ తీసుకున్నట్టు రసీదు, ఎప్పటికి తేలుతుందో తేదీ రాసి ఇవ్వగలరు. మీ జవాబు సెప్టెంబర్ 24లోగా తెలియజేయగలరు.

జతపరచినవి: బిల్లు నకలు, వారంటీ కార్డు రెండు వైపుల నకలు, మూడు ఫోటోలు.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్ నంబరు)

ధర్మం_మనదే
బాగుంది, ఒప్పుకున్నాను. కానీ "పరీక్ష అవసరమని భావిస్తే" అని మనమే దారి చూపించడం ఎందుకు? ఆయన అదే పట్టుకుని నెల రోజులు తిప్పుతాడు. డబ్బు వాపసు మాట కూడా లేదు.

కౌంటర్_వెనక
ఆ దారి మనం రాయకపోయినా ఉంది. చాలా షాపులకు కంపెనీ నుంచి లోపం నిజమని కాగితం వస్తేనే బదులు వాచీ లెక్కలో పడుతుంది. ఆ కాగితం లేకుండా ఇస్తే నష్టం షాపుదే. అందుకని మనమే ఆ మాట ఎత్తి, దానికి రసీదు, గడువు కట్టాను. డబ్బు మాట ఈ ఉత్తరంలో వద్దనే నా అభిప్రాయం. మూడు కోరికలు ఒకేసారి పెడితే ఆయనకి సులువైనది ఆయన ఎంచుకుంటాడు.

పంతులుగారబ్బాయి
నేను ధర్మం గారితోనే ఉన్నాను. చివర "అది వీలుకాకపోతే సొమ్ము తిరిగి ఇవ్వగలరు" అని ఒక్క వాక్యం ఉంటే నష్టమేముంది? రెండో ఉత్తరం రాసే పని తప్పుతుంది.

కౌంటర్_వెనక
గడువు దాటాక రాసే రెండో ఉత్తరానికి ఏదో ఒక కొత్త మాట మిగలాలి కదా పంతులు గారూ. ఇది ఎవరి పద్ధతి వాళ్లది, నీలాంబరి గారే తేల్చుకోవాలి.

ఇచ్చేటప్పుడు మాత్రం ఇలా చేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండోదాని మీద "అందినది" అని తేదీ వేయించి, సంతకం, షాపు ముద్ర తీసుకోండి. అసలు బిల్లు, అసలు కార్డు చూపించండి, వదిలి రావద్దు. వాచీ వాళ్ల దగ్గర పెడితే రసీదు మీద వెనక మూత నంబరు, అద్దం మీద గీతలు ఉన్నాయా లేవా, చెయిన్‌తో ఇచ్చారా అన్నది రాయించండి. గీత లేని వాచీ ఇచ్చి గీతతో తిరిగి తెచ్చుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది.

మెషిన్_మేస్త్రీ
వాచీ ఇచ్చేముందు తేదీ సగంలో ఆగిన స్థితిలోనే, క్రౌన్ ముట్టకుండా తీసుకెళ్లండి. ముళ్లు తిప్పేస్తే షాపులో చక్కగా నడుస్తుంది, "బాగానే ఉందమ్మా" అని పంపేస్తారు. ఆగి ఉన్నది ఆగి ఉన్నట్టే బల్ల మీద పెట్టాలి.

సుధ_వి
కొత్త వాచీ ఇస్తే వారంటీ మళ్లీ మొదటినుంచా, లేక పాతదాంట్లో మిగిలిందేనా?

కౌంటర్_వెనక
కొన్నిచోట్ల పాతదే కొనసాగుతుంది, కొన్నిచోట్ల కొత్తది మొదలవుతుంది. కార్డు మీదే ఉంటుంది. ఏదైనా సరే, కొత్త వాచీ నంబరు కార్డు మీద రాయించి ముద్ర వేయించుకోవాలి. పాత నంబరున్న కార్డుతో కొత్త వాచీ తీసుకెళ్తే రేపు అది ఆగినప్పుడు ఏ వారంటీ ఉండదు.

నీలాంబరి_క
కార్డు ఇప్పుడే తీసి చూశాను. షాపు ముద్ర ఉంది, నంబరు ఉంది, అమ్మిన తేదీ గడి ఖాళీగా ఉంది. నేనే 6-6-2025 అని రాసేయనా?

కౌంటర్_వెనక
వద్దు. అక్షరం తేడా కనబడితే కార్డు దిద్దారంటారు. ఖాళీగానే నకలు తీయండి. తేదీకి బిల్లు ఉంది. ఉత్తరంలో జతపరచినవాటి కింద "కార్డు మీద తేదీ గడి ఖాళీగా ఉన్నది, బిల్లు ప్రకారం నింపగలరు" అని ఒక వాక్యం చేర్చండి. ఉత్తరం ఇచ్చేటప్పుడే ఆయన చేత రాయించుకుని, పక్కన సంతకం పెట్టించండి.